ప్రొఫైల్ చూసినవాళ్లు 160 మంది, మెసేజ్‌లు రెండు

టెస్టర్_బాబు: 90 రోజుల్లో నా లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ 160 మంది చూశారు. రిక్రూటర్ల నుంచి రెండే మెసేజ్‌లు. తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

కీర్తన్88: హెడ్‌లైన్ మార్చండి. ఇంకేం అక్కర్లేదు.

శైలజ_హెచ్ఆర్: ఏదీ మార్చకముందు, చూసినవాళ్లు ఏ ఉద్యోగాల్లో ఉన్నారో లెక్కపెట్టండి. పేరు దాచుకుని చూసేవాళ్లు ఎలాగూ తెలియరు, కనిపించేవాళ్లు చాలు.

టెస్టర్_బాబు: ప్రీమియం ఉంది కాబట్టి చూశాను. పేర్లు కనిపించినవాళ్లు 96 మంది. 70 మంది నాలాంటి టెస్టర్లే, ఒక పోస్ట్ కింద నేను పెట్టిన కామెంట్ చూసి వచ్చినట్టున్నారు. రిక్రూటర్లు 14 మంది.

శైలజ_హెచ్ఆర్: అయితే 160 సంగతి మర్చిపోండి, మీ లెక్క 14కి రెండు. పద్నాలుగు మంది తలుపు దాకా వచ్చారంటే హెడ్‌లైన్ పని చేస్తున్నట్టే. లోపలికొచ్చాక ఏం చూసి వెనక్కి వెళ్లారన్నదే ప్రశ్న. హెడ్‌లైన్, ప్రస్తుత ఉద్యోగం కింద మొదటి మూడు లైన్లు ఇక్కడ పెట్టండి.

రమణ_కె: నాకు రెండేళ్ల గ్యాప్ ఉంది, అందుకే ఎవరూ రాయరు. రిక్రూటర్లంతా అంతే.

టెస్టర్_బాబు: హెడ్‌లైన్ ఆటోమేషన్ టెస్టర్, సెలీనియం. కింద: టెస్ట్ కేసులు రాయడం, బగ్‌లు నమోదు చేయడం, రిగ్రెషన్ చేతితో నడపడం.

శైలజ_హెచ్ఆర్: దొరికింది. సెలీనియం అని వెతికితే మీరు వస్తారు, తెరిస్తే చేతిపని కనిపిస్తుంది. కనెక్షన్ లేనివాళ్లకి మెసేజ్ పంపే ఇన్‌మెయిల్ క్రెడిట్లు మాకు లెక్క ప్రకారమే ఇస్తారు, అనుమానం ఉన్నచోట ఖర్చు పెట్టం. ఆటోమేషన్ ఎంత చేశారు?

కీర్తన్88: నేను చెప్పిందీ అదేగా, హెడ్‌లైనే తప్పు!

శైలజ_హెచ్ఆర్: కాదు కీర్తన్ గారూ. హెడ్‌లైన్ తీసేస్తే ఆ పద్నాలుగు మందీ రారు.

టెస్టర్_బాబు: 40 స్క్రిప్టులు రాశాను, కానీ నా సొంత చొరవతో. ఆఫీసులో నా పని అది కాదు. దాన్ని పైన పెట్టమంటే అబద్ధం ఆడమన్నట్టే కదా?

కీర్తన్88: అందరూ ఆడేదే, ఎందుకు టెన్షన్?

శైలజ_హెచ్ఆర్: నేనలా అనలేదు! రాసింది మీరే అయితే మొదటి లైన్లో పెట్టండి: 40 స్క్రిప్టులు సెలీనియంతో, సొంత చొరవ. చేతిపని కింద ఉండనివ్వండి. పనిలో పనిగా ఇన్‌మెయిల్ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో, అదర్ ఫోల్డర్లో ఏమైనా పడి ఉన్నాయో చూడండి.

టెస్టర్_బాబు: అదర్‌లో ఒకటి ఉంది, నెల కిందటిది. ఇక మొదటి లైన్ సంగతి... మా మేనేజర్ కూడా నా ప్రొఫైల్ చూస్తాడండీ. అసలు భయం అది.

రమణ_కె: మరి నా గ్యాప్ సంగతి?