పక్క నుంచి తీసిన ఫొటో చూసి మెడ వంగిందని చెప్పొచ్చా?

గుంటూరు అమ్మ: మా బాబుకి 17 ఏళ్లు, ఇంటర్ రెండో ఏడాది. జిమ్‌లో వాడిని పక్క నుంచి ఫొటో తీసి, యాప్‌లో గీతలు గీసి, మెడ కోణం 43 డిగ్రీలే ఉంది, 50 ఉండాలి, భుజాలు కూడా ముందుకు వంగిపోయాయి, ఛాతీ కండరాలు బిగుసుకున్నాయి అన్నారట. బెల్టు కొనమంటున్నారు. వాడికి నొప్పేం లేదు, నాకే టెన్షన్‌గా ఉంది. ఫొటో పెట్టాను, చూసి చెప్పండి.

జిమ్ అన్న: క్లియర్‌గా కనిపిస్తోంది అక్కా. చెవి భుజానికి సరిగ్గా పైన ఉండాలి, ఇక్కడ బాగా ముందుకొచ్చింది. తల ఇలా ఉంటే మెడ మీద 27 కిలోల బరువు పడుతుంది, ఇప్పుడే సరిచేయకపోతే డిస్కులు అరిగిపోతాయి.

ఫిజియో: అమ్మా, ముందు బాబు వెనక ఉన్న తలుపు చట్రం చూడండి. నిటారుగా ఉండాల్సిన చట్రం ఫొటోలో బాబు ముఖం వైపుకే ఒరిగి ఉంది, నేను కొలిస్తే దాదాపు 4 డిగ్రీలు. అంటే ఒరిగింది ఫోన్. ఆ కోణాన్ని మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి చెవి రంధ్రం ముందున్న చిన్న బొడిపెకి గీత గీసి, ఆ గీత అడ్డగీతకి ఎంత పైకి లేచిందో చూసి చెబుతారు, కాబట్టి ఫోన్ ఎంత ఒరిగితే లెక్క అంత తప్పుతుంది. 43కి 4 కలిపితే 47. ఇంకోటి, ఆ ఎముకని కాలర్ కప్పేసింది, యాప్ దాన్ని ఊహించి చుక్క పెట్టింది. చుక్క కొంచెం జరిగినా రెండు మూడు డిగ్రీలు మారతాయి.

భుజాల సంగతికొస్తే, అవతలి వైపు ఛాతీ కూడా కొంచెం కనిపిస్తోంది, అంటే బాబు పూర్తిగా పక్కకి తిరిగి లేడు. చేతులు కూడా ముందుకు పెట్టుకున్నాడు. అలా నిలబడితే ఎవరి భుజమైనా ముందుకొచ్చినట్టే కనిపిస్తుంది.

అన్నా, ఆ 27 కిలోలు 2014లో ఒక కంప్యూటర్ లెక్కలో వచ్చిన అంకె, అదీ తలని 60 డిగ్రీలు కిందికి వంచినప్పుడు. నిలబడిన పిల్లాడి ఫొటోకి అది వర్తించదు. కండరం బిగుసుకుందో లేదో తెలియాలంటే చేతితో కదిపి చూడాలి. డిస్కు అయితే ఇలాంటి ఫొటోలో కనిపించనే కనిపించదు.

ఐటీ తమ్ముడు: నాకూ మెడనొప్పి సర్, మానిటర్ ఎత్తు మార్చినా తగ్గలేదు, నెల నుంచి కుడి చిటికెన వేలు తిమ్మిరిగా ఉంటోంది. నా ఫొటో కూడా పెడతాను, నరం ఎక్కడ నొక్కుకుందో చెప్తారా?

ఫిజియో: వద్దు తమ్ముడూ, అది ఫొటోలో తేలేది కాదు. మెడ దగ్గరా కావచ్చు, మోచేతి దగ్గరా కావచ్చు, డాక్టర్‌కి చూపించు. పట్టు తగ్గినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో తూలుతున్నా ఆ రోజే వెళ్లు.

అమ్మా, ఫొటో మళ్లీ తీయండి. చొక్కా విప్పించి, తల వంచితే ఎక్కువగా పొడుచుకొచ్చే ఎముక మీద చిన్న స్టిక్కర్ అంటించండి. పక్కన దారానికి తాళాల గుత్తి కట్టి వేలాడదీయండి, నిలువు ఏదో ఫొటోలోనే తెలుస్తుంది. ఫోన్‌ని మూడు మీటర్ల దూరంలో, భుజం ఎత్తులో స్టూల్ మీద పెట్టండి. దగ్గర నుంచి తీస్తే ఆకారం సాగుతుంది. "నిటారుగా నిలబడు" అని మాత్రం అనొద్దు, అంటే వాడు బిగుసుకుంటాడు. అక్కడక్కడే నాలుగడుగులు వేయించి, రెండు మూడు సార్లు తల ఊపించి, మామూలుగా ఆగాక తీయండి. అలా మూడు సార్లు.

గుంటూరు అమ్మ: తీశాను సర్. 49, 46, 48 వచ్చాయి. పది నిమిషాల్లోనే ఇంత తేడానా?

జిమ్ అన్న: అయినా 50 కంటే తక్కువే కదా.

ఫిజియో: అవును, కానీ ఆ 50 అందరూ ఒప్పుకున్న హద్దేం కాదన్నా, కొందరు 48 అంటారు. ఒకే పూట మూడు డిగ్రీల తేడా వస్తుంటే ఒకటి రెండు డిగ్రీలకి పేరు పెట్టలేం. బాబు తల కొద్దిగా ముందుకు ఉంటే ఉండొచ్చు, నేను కాదనను. అది రేపు నొప్పి తెస్తుందని మాత్రం ఈ ఫొటో చెప్పదు. పెద్దవాళ్లలో ఈ కోణానికీ మెడనొప్పికీ కొంత సంబంధం కనిపించింది గానీ, నొప్పి వల్లే అలా నిలబడుతున్నారో, అలా నిలబడటం వల్ల నొప్పో తేలలేదు. ఈ వయసు పిల్లల్లో ఆ సంబంధం కూడా స్పష్టంగా లేదు.

జిమ్ అన్న: సరే, జిమ్‌లో చేయించే రోయింగ్ వ్యాయామం మాత్రం నేను మాన్పించను. చేసిన పిల్లలు నిటారుగా అవుతున్నారు, వాళ్ల ఫొటోల్లో నేను చూస్తున్నాను.

ఫిజియో: మాన్పించమని నేనూ అనను, వీపుకి బలం మంచిదే. వాళ్లు నిలబడే తీరు మారింది రోయింగ్ వల్లేనా, కెమెరా ముందు జాగ్రత్త పడటం వల్లా అన్నది నాకు మీ ఫొటోల్లో తెలియడం లేదు.

గుంటూరు అమ్మ: బెల్టు అయితే కొనను. రెండు గంటలు చదివాక వాడు బాగా ముందుకు వాలిపోతాడు, అప్పుడు తీస్తే ఏమైనా తెలుస్తుందా?

ఫిజియో: అలసిపోయాడని తెలుస్తుంది అమ్మా. అప్పుడు ఫొటో బదులు వాడిని లేపి నీళ్లు తెమ్మనండి.