పాత దస్తావేజుల ఓసీఆర్‌లో గుంటలు తప్పు పడుతున్నాయి, ఎలా పట్టుకోవాలి?

నల్లసిరా: తెలంగాణ వైపు 1980ల నాటి సేల్ డీడ్లు స్కాన్ చేసి టెసెరాక్ట్‌తో టెక్స్ట్‌గా మారుస్తున్నాం. అక్షరాల తప్పులు చదువుతుంటే దొరుకుతున్నాయి. "వడమర" అని పడితే పడమర అని ఎవరికైనా తెలుస్తుంది. భయమంతా అంకెలతోనే. నిన్న సర్వే నంబరు 142/1 కాస్తా 14211 అయింది, ఏటవాలు గీత ఒకటిగా మారిపోయింది. అంత పెద్ద నంబరు ఆ ఊళ్లో ఉండదు కాబట్టి కంటపడింది. విస్తీర్ణాల్లో కంటపడనివి ఎన్నున్నాయో!

పాతకాగితం: పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. అంకెల్ని చదవొద్దు, లెక్క వేయండి. ఎకరానికి 40 గుంటలు, కాబట్టి 2-15 లాంటి విస్తీర్ణంలో అడ్డగీత తర్వాతి గుంటలు 39 దాటాయంటే తప్పే. ముందు ఇది నడపండి:

```
grep -nE '[0-9]+-(4[0-9]|[5-9][0-9])' deed.txt
```

4-56 లాంటి ఇంటి నంబర్లూ వస్తాయి, వాటిని వదిలేయండి. 2-15 గుంటలు 2-75గా పడితే ఇక్కడే దొరుకుతుంది. కానీ 1-28 కాస్తా 1-23 అయితే దొరకదు. దానికి షెడ్యూల్ మొత్తం కూడాలి. 2-15కి 1-28 కలిపితే మూడు ఎకరాల 43 గుంటలు, 43 గుంటలంటే ఎకరం మూడు గుంటలు, మొత్తం 4-03. కింద 4-03 అని ఉండి, మీ కూడిక 3-38 వస్తే స్కాన్ బొమ్మ తెరవాల్సిందే.

కృష్ణాతీరం: 75 ఉంటే తప్పేంటండీ? మా నాన్నగారి పొలం కాగితంలో ఎ.2-75 అనే ఉంది. అన్నట్టు అందులో తూర్పు హద్దు పేరు తప్పు పడింది, ఎవర్ని కలవాలి?

పాతకాగితం: మీవి సెంట్లు, 99 దాకా ఉండొచ్చు. అందుకే ముందు కొలత ఏదో చూసుకోవాలి. అసలు దస్తావేజులోనే తప్పుంటే అది సవరణ దస్తావేజు సంగతి, డాక్యుమెంట్ రైటర్‌ని అడగండి.

కోర్టుమెట్లు: ఇంత ఎందుకు? అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది. దాన్ని బట్టి అంకె దిద్దేయండి.

పాతకాగితం: చెక్కుల విషయంలో ఆ నియమం నిజమే. కానీ ఏది చెల్లుతుందో తేల్చడం మన పని కాదు. బొమ్మలో "రూ.12,500" అని ఉండి పక్కనే "పదమూడు వేల ఐదువందలు" అని ఉంటే రెండూ అలాగే రావాలి. అక్షరాలు ఎక్కడ అనుమానించాలో చెబుతాయి, అంతే. ఇంకోటి, తెలుగు అంకెలున్న పాత కాగితాల్లో ౧౦లోని సున్న అనుస్వారంగా పడుతుంది. తెరమీద తేడా కనిపించదు, వెతికితే మాత్రం దొరకదు. అంకె పక్కన అనుస్వారం ఉన్నచోట్లన్నీ విడిగా వెతకండి.

నల్లసిరా: నడిపాను. రెండు 2-75లు దొరికాయి, రెండూ బొమ్మలో 2-15లే. మూడో దస్తావేజులో మాత్రం బొమ్మలోనే కూడిక కుదరడం లేదు.

పాతకాగితం: ముట్టుకోవద్దు. పక్కన "మూలంలో ఇలాగే" అని రాయండి.

కోర్టుమెట్లు: మా వకీలు గారు ఆ మాట కూడా కాపీలో ఉండకూడదంటారు, విడి కాగితం మీద ఇవ్వమంటారు.

నల్లసిరా: రేపు మా వకీల్నే అడుగుతాను. స్టాంపు ముద్ర కింద పడిన అంకె 3 అయినా, 8 అయినా కూడిక కుదరనిచోట మీరేం చేస్తారు?