కదిలే నోడ్ల మధ్య దారి: పట్టిక ముందే ఉండాలా, అవసరం పడ్డాకే వెతకాలా?

కోరమంగళ_కొత్తోడు:
దేవనహళ్ళి వైపు ఒక ఖాళీ మైదానంలో 30 బైకులకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు బిగించి పరీక్షిస్తున్నాం. టవర్ లేదు, రౌటర్ లేదు. ఒక బైకు మాటను మరో బైకే అందించాలి. రేడియో 200 మీటర్ల వరకు అందుతుంది, బైకుల వేగం గంటకు 36 కిలోమీటర్లు. అన్ని దారులనూ ముందే పట్టికలో రాసి ఉంచుకునే ఓఎల్ఎస్ఆర్ పెట్టాం. బైకులు నిలబడి ఉన్నప్పుడు బాగా నడుస్తోంది, తిరగడం మొదలు కాగానే ప్యాకెట్లు పోతున్నాయి, కానీ పట్టికలో దారి ఉన్నట్టే కనిపిస్తోంది. అవసరం పడ్డప్పుడే దారి వెతికే ఏఓడీవీకి మారాలా, పక్క బైకులకు తానున్నానని చెప్పే హలో సందేశాల వ్యవధి తగ్గిస్తే సరిపోతుందా?

పాతరేడియో:
మారనక్కరలేదు. ఓఎల్ఎస్ఆర్‌లో హలో మామూలుగా 2 సెకన్లకు ఒకసారి వెళ్తుంది. దాన్ని అర సెకనుకు దించండి, సమస్య తీరిపోతుంది. పట్టిక పాతబడుతోందంటే దాన్ని త్వరగా కొత్తది చేసుకోవాలి గానీ, పట్టికనే పారేయడం ఏం పద్ధతి?

వైట్‌ఫీల్డ్_వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో మూడు మెష్ పెట్టెలు కొన్నాం, మేడ మీదికి వెళ్ళినా సిగ్నల్ తెగడం లేదు. మీరు కూడా మంచి కంపెనీ మెష్ కొంటే ఈ బాధ ఉండదు కదా.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
వైట్‌ఫీల్డ్ గారూ, మీ పెట్టెలు గోడకు వేలాడుతున్నాయి, కదిలేది మీ ఫోను మాత్రమే. ఇక్కడ పెట్టెలే కదులుతున్నాయి.

అసలు ప్రశ్నకు వద్దాం. రెండు బైకులు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటిపోతున్నాయి అనుకోండి. ఒక్కొక్కటి సెకనుకు 10 మీటర్లు కదిలితే వాటి మధ్య దూరం సెకనుకు 20 మీటర్ల చొప్పున మారుతుంది. దగ్గరవుతూ 200 మీటర్లు, దూరమవుతూ 200 మీటర్లు కలిపితే ఆ లంకె బతికేది 20 సెకన్లు. ఓఎల్ఎస్ఆర్ మామూలు అమరికలో, రెండు వైపులా వినపడుతోందని హలోల ద్వారా నిర్ధారించుకోవడానికే రెండు నుంచి నాలుగు సెకన్లు పోతాయి. లంకె తెగాక, చివరి హలో విన్న దగ్గర నుంచి 6 సెకన్ల వరకు పక్క బైకు ఇంకా ఉన్నట్టే పట్టిక నమ్ముతుంది. 20 సెకన్ల లంకెకు 6 సెకన్ల అబద్ధం అన్నమాట. పైగా ఈ సంగతి దూరపు బైకులకు చేరేది, ఎవరికి ఎవరితో లంకె ఉందో అందరికీ చాటే టోపాలజీ సందేశాల ద్వారా. అవి 5 సెకన్లకు ఒకసారి బయలుదేరతాయి, దారిలో పోతే పాత సమాచారం 15 సెకన్ల వరకు చెల్లుబాటులోనే ఉంటుంది. దారి ఉన్నట్టు కనిపిస్తూ ప్యాకెట్లు పోవడానికి కారణం ఇదే.

1998లో కార్నెగీ మెలన్ వాళ్ళు 50 నోడ్లను సెకనుకు 20 మీటర్ల గరిష్ఠ వేగంతో ఆగకుండా తిప్పుతూ సిమ్యులేషన్ చేసినప్పుడు, పట్టికల మీద నడిచే డీఎస్‌డీవీ దాదాపు 70 శాతం ప్యాకెట్లనే చేర్చింది. పోయిన వాటిలో దాదాపు అన్నీ, పాతబడిన పట్టిక తెగిపోయిన లంకె మీదికి తోసినవే.

పాతరేడియో:
అది డీఎస్‌డీవీ, ఇది ఓఎల్ఎస్ఆర్. ఒకదాని పాపాన్ని ఇంకొకదానికి అంటగట్టవద్దు. మీరు చెప్పిన 6 సెకన్లు కూడా హలో వ్యవధికి మూడు రెట్లు మాత్రమే. నేను చెప్పినట్టు అర సెకను పెడితే అది ఒకటిన్నర సెకను అవుతుంది. నా మాటకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
చెబుతాను. హలో పక్కవాడి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని నాలుగు రెట్లు వేగం చేస్తే పక్కవాడికి త్వరగా తెలుస్తుంది, ఐదు అంగల, అంటే ఐదు లంకెల దూరంలో ఉన్నవాడికి తెలియదు. కాబట్టి టోపాలజీ సందేశాలను కూడా వేగం చేయాలి, ఖర్చంతా అక్కడే ఉంది. 30 బైకులు 2 సెకన్లకు ఒక హలో పంపితే సెకనుకు 15 ప్రసారాలు. టోపాలజీ సందేశాలను 20 బైకులు పుట్టిస్తున్నాయి, ఒక్కోదాన్ని పుట్టించిన బైకుతో కలిపి పదేసి బైకులు ప్రసారం చేస్తున్నాయి అనుకుంటే, 5 సెకన్లకు 200, అంటే సెకనుకు 40. మొత్తం 55. అన్నిటినీ నాలుగు రెట్లు చేస్తే 220. అందరికీ ఉద్దేశించిన ప్రసారాలు సాధారణంగా అతి తక్కువ వేగంతో, 1 మెగాబిట్‌తో వెళ్తాయి. ఒక్కోటి దాదాపు ఒకటిన్నర మిల్లీసెకను తీసుకున్నా, అందరికీ అందరూ వినపడే చోట సెకనులో మూడో వంతు దీనికే పోతుంది. అదీ ఎవరూ ఒక్క మాట మాట్లాడక ముందే.

ఏఓడీవీలో, దారి మధ్యలో ఉన్న సి అనే బైకు నుంచి డి అనే బైకుకు లంకె తెగితే, ఆ దారిని వాడుకుంటున్న వాళ్ళకు మాత్రమే సి కబురు పంపుతుంది. మొదట పంపినవాడు మళ్ళీ వెతుకుతాడు. మిగతా బైకులకు ఆ లంకె ఉండేదని గానీ, తెగిందని గానీ తెలియనక్కరలేదు.

పాతరేడియో:
పుస్తకంలో అంతా బాగానే ఉంటుంది. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట, హోసూరు రోడ్డు పక్క గోదాములో ఏఓడీవీ మీద వాకీటాకీలు నడిపాం. బటన్ నొక్కి "ఆపు" అంటే అవతలివాడికి "పు" వినపడేది. దారి వెతికేలోపు మొదటి మాట మింగేసేది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి ఆ మొదటి మాటే ముఖ్యం. మూడు నెలలు నేనే తిట్లు తిన్నాను. అప్పటి నుంచి ఆ పేరు ఎత్తితేనే నాకు మంట.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
మీకు జరిగింది నిజమే అయ్యుంటుంది, ఎందుకు జరిగిందో కూడా లెక్కకు అందుతుంది. ఏఓడీవీని నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 3561 ప్రకారం వెతుకులాట ఒకేసారి ఊరంతా చాటింపు వేయదు. మొదట ఒక అంగ వరకు, జవాబు రాకపోతే మూడు, తర్వాత ఐదు, ఇలా పెరుగుతుంది. అంగకు 40 మిల్లీసెకన్లు అన్న మామూలు అంచనాతో మొదటి వలయానికి 240, రెండో వలయానికి 400 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. ఐదు అంగల దూరంలో ఉన్నవాడి కోసం అసలైన వెతుకులాట మొదలయ్యేసరికే 640 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. మీ "ఆ" పోయింది అక్కడే. దీన్ని తగ్గించడానికి మొదటి వలయాన్నే పెద్దదిగా పెట్టుకోవచ్చు.

```
TTL_START = 5
```

పైగా ఒకసారి దారి తెలిసి తెగిపోతే, రెండోసారి ఒకటి నుంచి మొదలుపెట్టదు. పాత దూరానికి రెండు కలిపి అక్కడి నుంచి వెతుకుతుంది. కాబట్టి మింగేది మొదటి పిలుపులోనే, ప్రతిసారీ కాదు.

పాతరేడియో:
ప్రతిసారీ మొదటి పిలుపే అయిన చోట? గోదాములో ఒకడు రోజంతా ఒకడితోనే మాట్లాడడు. మీకు ఇద్దరు మనుషులు గంటసేపు కబుర్లు చెప్పుకునే నెట్‌వర్క్ మాత్రమే కళ్ళ ముందు ఉంది. అందరూ అందరితో, క్షణక్షణం మారుతూ మాట్లాడుకుంటే మీ వెతుకులాటల చాటింపులు ఎన్ని? ఆ లెక్క వేయకుండా నా 220ని మాత్రం చూపిస్తున్నారు. దీన్ని వాదన అనరు, ఏరుకోవడం అంటారు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
గొంతు పెంచితే పెంచారు గానీ, మన తగాదా ఎక్కడుందో ఇప్పుడు బయటికి వచ్చింది. నేను కదలిక గురించి మాట్లాడుతున్నాను, మీరు సంభాషణల సంఖ్య గురించి మాట్లాడుతున్నారు. లెక్క ఇదిగో. ఒక్కో లంకె సగటున 40 సెకన్లు బతికితే, ఐదు లంకెల దారి సగటున 8 సెకన్లకు ఒకసారి తెగుతుంది. తెగినప్పుడల్లా వెతుకులాట 30 బైకులూ ఒక్కోసారి మళ్ళీ ప్రసారం చేసేంత దూరం పాకిందనుకుందాం. మూడు సంభాషణలుంటే సెకనుకు దాదాపు 11 ప్రసారాలు. పదిహేను ఉంటే 56. అక్కడ మామూలు ఓఎల్ఎస్ఆర్ 55తో సమానం అవుతుంది, ఆపైన మీ పట్టికే చవక. కాకపోతే ఆ 55 పాతబడిన పట్టిక ధర, తాజా పట్టికది కాదు.

కొత్తోడు గారూ, ఒకేసారి ఎంతమంది ఎవరితో మాట్లాడతారు?

కోరమంగళ_కొత్తోడు:
గొంతుతో మాట్లాడేది ఇద్దరో ముగ్గురో. కానీ ప్రతి బైకూ సెకనుకు ఒకసారి తన స్థానాన్ని, ఆ ముప్పైలోనే ఒకటైన కంట్రోల్ బండికి పంపాలి. అది ప్రశ్నలో రాయలేదు, ముఖ్యం కాదనుకున్నాను.

పాతరేడియో:
చూశారా! 29 ప్రవాహాలు. మీ లెక్క ప్రకారమే పదిహేను దాటింది. పట్టిక గెలిచింది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
29 ప్రవాహాలకూ గమ్యం ఒక్కటే. ఒకరు వెతికిన దారిని మధ్యలో ఉన్నవాళ్ళు దాచుకొని, అది తాజాదైతే తామే జవాబు చెప్పవచ్చు, కాబట్టి 29 వేర్వేరు చాటింపులు అవసరం పడవు. అయితే ఇక్కడ శుద్ధ ఏఓడీవీ కూడా నా మొదటి ఎంపిక కాదు. వైఫై మెష్ ప్రమాణమైన 802.11ఎస్‌లో ఏఓడీవీ నుంచి పుట్టిన పద్ధతే ఉంది. అందులో కంట్రోల్ బండి తానే మూల నోడ్‌గా ఉండి, తన వైపు దారిని నిర్ణీత వ్యవధిలో అందరికీ చాటుతుంది. మిగతా జంటలు అవసరం పడ్డప్పుడే వెతుక్కుంటాయి. పట్టిక ఒక్క గమ్యానికే ఉంటుంది, అందరికీ ఉండదు.

పాతరేడియో:
అంటే పట్టిక కావాల్సిందేనని ఒప్పుకున్నట్టే.

అడయార్_యాంటెన్నా:
చెన్నై నుంచి చదువుతున్నాను. మీరిద్దరూ, హలో వినపడితే లంకె ఉన్నట్టేనని ముందే అనుకుని కొట్టుకుంటున్నారు. హలో 1 మెగాబిట్‌తో వెళ్తుంది, డేటా 11తోనో 54తోనో వెళ్తుంది. నెమ్మది ప్రసారం దూరం పోతుంది. కాబట్టి అంచున ఉన్న బైకు హలో వినిపిస్తూనే ఉంటుంది, డేటా మాత్రం అందదు. 2002లో స్వీడన్ ఉప్సాలా విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని పట్టుకున్నది ఏఓడీవీ పరీక్షల్లోనే, కాబట్టి హలోను నమ్మితే అదీ మునుగుతుంది. కొత్తోడు గారూ, దారి ఉన్నట్టు పట్టిక చూపిస్తున్న ఆ క్షణంలో పక్క బైకు వరుసలో ఇది చూడండి:

```
iw dev wlan0 station dump
```

`tx failed` ఎగబాకుతూ ఉండగా హలోలు ఇంకా అందుతూనే ఉంటే, మీ సమస్య పాతబడిన పట్టిక కాదు, అబద్ధపు లంకె. అప్పుడు హలో వ్యవధి ఎంత తగ్గించినా ఆ అబద్ధమే ఇంకా తరచుగా వస్తుంది. హలోలు కూడా ఆగిపోయాక పట్టిక దారి చూపిస్తుంటే, సిల్క్‌బోర్డ్ గారి 6 సెకన్ల లెక్క సరిపోతుంది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
మంచి పరీక్ష. అందుకే తెగడాన్ని హలోతో కాకుండా, డేటాకు జవాబు రాకపోవడంతో కనిపెట్టాలి. డ్రైవర్ ఆ సంగతి పైకి చెబితే మిల్లీసెకన్లలో తెలుస్తుంది.

పాతరేడియో:
ఆ కబురును ఓఎల్ఎస్ఆర్‌కు కూడా ఇవ్వవచ్చు, ఏఓడీవీ సొత్తేం కాదు. లేదా ప్రసారాల వేగాన్నే డేటా వేగానికి పెంచితే హలో దూరం తగ్గి అబద్ధం పోతుంది.

అడయార్_యాంటెన్నా:
పోతుంది, దాంతో పాటు అందే పక్కవాళ్ళూ తగ్గుతారు. 30 బైకులు ఆ మైదానంలో పలచగా ఉంటే గుంపు రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉంది. మైదానం పొడవెంత?

కోరమంగళ_కొత్తోడు:
ఒకటిన్నర కిలోమీటర్లు. శనివారం `station dump` రాసుకుని వస్తాం. ఆ తర్వాతే ఏఓడీవీ సంగతి.

పాతరేడియో:
ఆ రోజు హలో అర సెకను పెట్టి కూడా ఒక రౌండు నడపండి. నా మాట అబద్ధమైతే అంకెలు ఇక్కడే పెట్టండి.