అప్‌డేట్: గెస్ట్ వైఫైలో ప్రింటర్ ఎందుకు కనిపించలేదో తేలింది

నా ప్రశ్న: "ఫోన్, ప్రింటర్ రెండూ గెస్ట్ వైఫైలోనే ఉన్నాయి, రెండిటికీ నెట్ వస్తోంది. అయినా ఫోన్‌కి ప్రింటర్ ఎందుకు కనిపించట్లేదు?"

కారణం క్లయింట్ ఐసోలేషనే. ఆ మాట చెప్పినవాళ్లకి థాంక్స్. అది ఆన్‌లో ఉంటే గెస్ట్ వైఫైలోని పరికరాలు ఇంటర్నెట్‌కి వెళ్తాయి గానీ, ఒకదాని డేటాను ఇంకోదానికి రౌటర్ అందించదు. ప్రింటర్ ఐపీ అడ్రస్ నేరుగా టైప్ చేసినా పేజీ తెరుచుకోలేదు. ఫోన్ ప్రింటర్‌ని వెతకడంలోనే సమస్య ఉంటే ఆ పేజీ తెరుచుకునేదే. టీవీకి కాస్టింగ్ ఆగిందీ ఇందుకే.

రెండిటినీ మెయిన్ నెట్‌వర్క్‌కి మార్చాక ప్రింట్ వచ్చింది. ప్రింటర్ ఒక్కదాన్నే మారిస్తే రాలేదు, గెస్ట్ నుంచి మెయిన్‌కీ దారి మూసే ఉంది. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, 5 గిగాహెర్ట్జ్ నుంచి 2.4కి మారడం దండగే. రౌటర్‌లో ఈ ఐసోలేషన్‌ని, అంటే AP Isolation అనే సెట్టింగ్‌ని, ఆఫ్ చేయొచ్చు, కానీ అప్పుడు వచ్చినవాళ్ల ఫోన్లూ ఒకదానికొకటి కనిపిస్తాయి. అందుకే దాన్ని ముట్టుకోలేదు.