“2/10 net 30” తెలుగులో ఎలా రాయాలి?

కలంపోటు: ఒక సరఫరా ఒప్పందాన్ని తెలుగు చేస్తున్నాను. చెల్లింపు షరతు దగ్గర “2/10 net 30” అని ఉంది. నికర లాభం, నికర ఆదాయం అంటాం కదా అని “నికరం 30” అని రాశాను. చదువుకుంటే ఎవరికో ముప్ఫై రూపాయలు మిగిలినట్టుంది. మంచి మాట ఉంటే చెప్పండి.

పాతచిట్టా: మాటకు మాట వెతికితే దొరకదండీ. ఆ 30కీ నికరానికీ చుట్టరికం లేదు, అది రోజుల లెక్క. నికరం అంటే ఇక్కడ తగ్గింపు ఏమీ లేకుండా బిల్లు మొత్తం అని. ముందున్న 2 శాతం, గీత తర్వాతి 10 రోజులు. కాబట్టి వాక్యంగా రాసేయండి: “బిల్లు తేదీ నుంచి 10 రోజుల్లోగా చెల్లిస్తే 2 శాతం తగ్గింపు, లేకుంటే 30 రోజుల్లోగా పూర్తి మొత్తం చెల్లించాలి.” బజారులో ఇంత పొడుగ్గా ఎవరూ అనరు. “ముప్ఫై రోజుల క్రెడిట్, పదిలో ఇస్తే సీడీ రెండు” అంటారు. సీడీ అంటే క్యాష్ డిస్కౌంటు. ఒప్పందంలో మాత్రం సీడీ అని రాయకండి.

గద్వాల్ జరీ: మా దిక్కు ముప్ఫై రోజుల ఉద్దెర అంటే చాలు, అందరికీ తెలుస్తది. తగ్గింపుకు ముజరా అన్న మాట ఉండనే ఉంది, అదెందుకు వాడరు?

పాతచిట్టా: ఉద్దెర చక్కని మాట, కాకపోతే కోస్తాలో అరువు అంటారు. ఒప్పందం రెండు వైపులా తిరిగేదైతే “గడువు” క్షేమం. ముజరాతోనే ఇబ్బంది. ముందిచ్చిన అడ్వాన్సు పట్టుకున్నా ముజరాయే, చెడిపోయిన సరుకు విలువ కోసుకున్నా ముజరాయే. ఈ రెండు శాతం తొందరగా ఇచ్చినందుకు మాత్రమే. “తగ్గింపు” అనండి, ఎందుకో పక్కనే చెప్పండి.

డాలస్ తెలుగు: భాష సరే, అసలు రెండు శాతం కోసం పది రోజుల్లోనే డబ్బు ఎందుకు తీసివ్వాలి? నెల గడువుకు రెండు శాతం అంటే మన లెక్కలో రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24. బయట అప్పు అంతకంటే చవగ్గా దొరికితేనే తగ్గింపు తీసుకోవాలి.

పాతచిట్టా: పోల్చిన తీరు సరైనదే. తగ్గింపు వదులుకోవడమంటే సరుకు అమ్మినవాడి దగ్గర అప్పు తీసుకోవడమే. పొరపాటు రోజుల దగ్గర జరిగింది. మొదటి పది రోజులు ఎలాగూ ఉచితం, తగ్గింపు తీసుకునేవాడు కూడా పదో రోజునే ఇస్తాడు. వదులుకున్నందుకు అదనంగా దొరికేది పదకొండు నుంచి ముప్ఫై వరకు, 20 రోజులే. రెండో సంగతి, చేతిలో మిగిలే డబ్బు నూరు కాదు, 98. పదో రోజున ఇవ్వాల్సింది అంతే కదా.

లక్ష రూపాయల బిల్లు, మార్చి 3 తేదీది అనుకోండి. మార్చి 13న ఇస్తే 98,000. ఏప్రిల్ 2న ఇస్తే లక్ష. అంటే 98,000ను 20 రోజులు వాడుకున్నందుకు 2,000 వడ్డీ.

```
2/98 × 365/20 = 0.3724 → 37.24%
```

మీ భాషలోనే చెప్పాలంటే ఇది మూడు రూపాయల వడ్డీ, పైన పది పైసలు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు 12 శాతానికి ఉంటే అదే 98,000కు 20 రోజుల వడ్డీ 644 రూపాయలు. ఆ అప్పు చేసి పదో రోజున కట్టినా 1,356 మిగులుతుంది. వడ్డీ మీద వడ్డీ వేసి చూస్తే ఏడాది రేటు 44 దాటుతుంది కానీ, బేరం దగ్గర ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

డాలస్ తెలుగు: ఓహో, 20 రోజులా! సరే. అయితే ఐదో రోజునే ఇచ్చేస్తే ఇంకా లాభమా?

పాతచిట్టా: లాభం లేదు. ఐదున ఇచ్చినా 98,000, పదిన ఇచ్చినా 98,000. తగ్గింపు తీసుకునేవాడు పదినే ఇవ్వాలి, వదులుకున్నవాడు ముప్ఫైనే ఇవ్వాలి. పదిహేడో రోజున పూర్తి మొత్తం ఇచ్చినవాడు అన్నింటికంటే నష్టపోతాడు: ఏడు రోజుల కోసం 2,000 వదులుకున్నాడు. రేటు వందకు పైనే.

సిమెంటు బస్తా: ఇంత లెక్క వేస్తున్నారు గానీ మా బిల్లు 1,18,000, అందులో 18 వేలు జీఎస్టీ. రెండు శాతం అంటే 2,360 కోసుకుని 1,15,640 పంపితే, అమ్మినవాళ్లు ఇంకా 360 బాకీ అంటున్నారు. వాళ్లదే తప్పు కదా?

పాతచిట్టా: ఎవరి తప్పో మీ షరతు చూడకుండా చెప్పలేం. “2 శాతం” దేని మీద అన్నది రాయకపోతే జరిగేది ఇదే. సరుకు విలువ మీదే తగ్గింపు, బిల్లు తగ్గించినట్టు అమ్మినవాళ్లు ఇచ్చే క్రెడిట్ నోట్ పన్ను జోలికి పోదు అంటే 2,000 మాత్రమే తగ్గుతుంది, మీరు 1,16,000 ఇవ్వాలి. పన్నుతో సహా క్రెడిట్ నోట్ అయితే 2,360 తగ్గుతుంది, అప్పుడు కొన్న సరుకు మీద కట్టిన పన్నుకు మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో 360 వెనక్కి ఇచ్చుకోవాలి. మీరు పంపింది రెండో పద్ధతిలో, వాళ్లు చూస్తున్నది మొదటి పద్ధతిలో. క్రెడిట్ నోట్‌లో పన్ను గడి ఖాళీగా ఉందో లేదో చూస్తే తేలిపోతుంది.

మొదటి పద్ధతిలో ఏడాది రేటు కూడా మారుతుంది. 2,000 కోసం 1,16,000 ముందే ఇస్తున్నారు కదా, 37 కాదు, 31.5 శాతమే. ఇప్పటికీ బ్యాంకు కంటే చాలా ఎక్కువే.

కలంపోటు: అయితే నా వాక్యంలో “పన్ను మినహా సరుకు విలువపై” అని చేర్చాలన్నమాట. ఇంగ్లీషులో లేనిది నేను చేర్చొచ్చా?

పాతచిట్టా: చేర్చకండి, రాయించినవాళ్లను అడగండి. అనువాదంలో షరతు పుట్టించకూడదు. “బిల్లు తేదీ నుంచి” అన్నదీ అడిగి ఖాయం చేసుకోండి, నేను అలవాటుగా రాసేశాను. లారీ నాలుగు రోజుల తర్వాత వచ్చి, సరుకు ముట్టిన తేదీ నుంచి లెక్క అయితే, పదో రోజు మార్చి 17 అవుతుంది.

గద్వాల్ జరీ: ఈ లెక్కలన్నీ ముప్ఫయ్యో రోజుకు ఇచ్చేటోళ్లకు. ఇక్కడ ముప్ఫై అని రాసి అరవైకి ఇస్తరు. వాళ్లకు మూడు రూపాయల వడ్డీ ఏడ పడుతది?

పాతచిట్టా: పడదు. అరవయ్యో రోజున ఇచ్చేవాడికి 50 రోజుల వాడకం, రేటు 15 శాతం దగ్గరికి దిగిపోతుంది. తగ్గింపు ఆశ చూపినా తొందరపడకపోవడానికి కారణం అదే. అమ్మినవారు సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుగా నమోదైతే మాత్రం 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం అడ్డొస్తుంది. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. ఆ వడ్డీ అడిగి వసూలు చేసుకునేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి.

కలంపోటు: చివరిగా ఒకటి. “10 రోజుల్లోగా” అనాలా, “10 రోజుల లోపు” అనాలా? లోపు అంటే పదో రోజు కలవదని మా ఎడిటర్ గారు.

గద్వాల్ జరీ: పదో తారీఖు లోపు ఇస్తా అన్నోడు పదో తారీఖున ఇస్తే మాట తప్పినట్టా? కలుస్తది.

డాలస్ తెలుగు: నాకైతే ఎడిటర్ గారి మాటే సబబు. పదేళ్ల లోపు పిల్లలు అంటే పదేళ్లు నిండినవాడు రాడుగా.

పాతచిట్టా: రెండూ వినిపిస్తాయి. ఆ ఒక్క రోజు మీద 2,000 ఉంది కాబట్టి “పదో రోజుతో సహా” అని రాసి ఊరుకుంటాను నేనైతే.