"ఫ్యూ కన్సర్న్స్" అని రాస్తే "గుడ్" అని జవాబొచ్చింది

మారతహళ్లి మాధురి:
మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి లండన్ క్లయింట్‌కి మెయిల్ పెట్టాడు. అందులో ఒక లైను: "వి హావ్ ఫ్యూ కన్సర్న్స్ అబౌట్ ది పేమెంట్ ఫ్లో." ఆ అభ్యంతరాలేమిటో మర్నాడు కాల్‌లో చెబుదామని ఊరుకున్నాడు. సాయంత్రానికి జవాబు: "గుడ్ టు హియర్. లెట్స్ గో అహెడ్." అభ్యంతరాలున్నాయంటే సంతోషిస్తారేమిటని వాడికి ఒకటే అయోమయం. "ఎ ఫ్యూ" అని రాయాలి నాయనా అన్నాను. ఒక్క "ఎ" లేకపోతే అర్థం తలకిందులైపోతుందా అక్కా అంటాడు. వాడికి తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?

కేఆర్ పురం వాసు:
సింపుల్ అండి. ఫ్యూ అంటే రెండో మూడో, ఎ ఫ్యూ అంటే నాలుగైదు. లెక్కపెట్టగలిగినవాటికి ఫ్యూ, మెనీ. లెక్కపెట్టలేనివాటికి లిటిల్, మచ్. మా కోచింగ్‌లో ఇలాగే చెప్పారు.

జయనగర్ మాస్టారు:
వాసుగారూ, మీరన్న రెండో ముక్క సరిగ్గా ఉంది. మొదటిది కాదు, ఇక్కడ అంకెలతో పని లేదు.

మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ముప్పైమందిని పిలిచారనుకోండి. వాన పడి ఆరుగురే వచ్చారు. ముప్పైమందికి పులిహోర కలిపిన మీ ఆవిడ "ఫ్యూ కేమ్" అంటుంది. ఈ వానలో ఎవరొస్తారులే అనుకున్న పంతులుగారు అదే ఆరుగురిని చూసి "ఎ ఫ్యూ కేమ్, మొదలుపెడదాం" అంటారు. ఆవిడ చూపు రానివాళ్ల మీద ఉంది, ఆయన చూపు వచ్చినవాళ్ల మీద ఉంది.

మాధురిగారూ, ఆ అబ్బాయికి ఇది చూపించండి. "నాట్" ఎక్కడా లేకపోయినా, ఫ్యూ ఉన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌వాళ్లు "లేదు" అనే వాక్యంలాగే నడుపుతారు. "ఫ్యూ పీపుల్ కేమ్, డిడ్ దే?" అని అడుగుతారు. "ఎ ఫ్యూ పీపుల్ కేమ్" అంటే మాత్రం "డిడింట్ దే?" అనాలి. "ఫ్యూ పీపుల్ హావ్ ఎవర్ సీన్ ఇట్" అనొచ్చు, అక్కడ ఎ ఫ్యూ పెడితే ఆ "ఎవర్" ఇమడదు. కాబట్టి వాడు రాసినదానికి తెలుగు "మాకు పెద్దగా అభ్యంతరాల్లేవు" అని. అది చదివిన క్లయింట్ గుడ్ అనక ఏమంటాడు?

మనకి ఈ తేడా తెలియక కాదు, మన దగ్గర అది వేరేచోట ఉంటుంది. "కొద్దిమంది వచ్చారు", "కొద్దిమందే వచ్చారు" అని పక్కపక్కన పెట్టి చూడండి. మనం చివర ఒక ఏత్వం చేర్చి తక్కువ చేస్తాం, వాళ్లు ముందున్న "ఎ" తీసేసి తక్కువ చేస్తారు. అందుకే మనవాళ్ల చెవికి ఉత్త ఫ్యూ అంటే ఉత్త "కొన్ని" లాగే వినిపిస్తుంది, అందులో "కొన్నే" ఉందని తట్టదు.

హెచ్‌ఎస్‌ఆర్ అత్తయ్య:
మా అపార్ట్‌మెంట్ గొడవ ఇదేనేమో చూడండి మాస్టారూ. సంపు అడుగంటింది, టాంకర్ ఇంకా రాలేదు. సెక్రటరీగారు గ్రూపులో "దేరీజ్ ఎ లిటిల్ వాటర్ ఇన్ ది సంప్" అని పెట్టారు. నీళ్లున్నాయట అని మూడో అంతస్తువాళ్లు వాషింగ్ మెషీన్ వేసేశారు. తొమ్మిదింటికల్లా కుళాయిలన్నీ బంద్. తప్పు ఎవరిదంటారు?

జయనగర్ మాస్టారు:
మెషీన్ వేసినవాళ్లని ఏమీ అనలేం అమ్మా. ఆయన నీళ్లున్నాయనే చెప్పారు. అనుమానం వస్తే ఆ వాక్యం తర్వాత "సో" పెట్టి, నోటికి ఏమొస్తుందో చూసుకోవాలి. "దేరీజ్ ఎ లిటిల్ వాటర్, సో మధ్యాహ్నం దాకా సర్దుకోవచ్చు." "దేరీజ్ లిటిల్ వాటర్, సో బట్టలు ఉతకొద్దు." ఆయన మనసులో ఉన్నది రెండోది, గ్రూపులో పెట్టింది మొదటిది.

అసలు ఇలాంటి నోటీసులో ఉత్త లిటిల్ కూడా నేను రాయను. అది కాస్త పుస్తకాల ఇంగ్లిష్, పైగా చదివేవాడి కన్ను "ఎ" ఉందో లేదో పట్టించుకోదు. మామూలుగా మాట్లాడే ఇంగ్లిష్‌వాళ్లు "దేరీజింట్ మచ్ వాటర్" అనేస్తారు. మచ్, మెనీలకి ఎక్కువ పని అక్కడే, కాదు అనేచోట, ప్రశ్న అడిగేచోట. "ఐ హావ్ మచ్ వర్క్" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, "ఎ లాట్ ఆఫ్ వర్క్" అంటారు. మెయిల్లో అయినా అంతే. అభ్యంతరాలు పెద్దగా లేకపోతే "నాట్ మెనీ", ఉంటే "సమ్" అనేస్తే ఎవరూ పొరబడరు.

చిత్తూరు కుర్రాడు:
సార్, మా అక్క కూతురి పుస్తకంలో "ఎ లిటిల్ గర్ల్" అని ఉంది. మీ లెక్కన దానికి కొంచెం అమ్మాయి అని అర్థమా? 😄

జయనగర్ మాస్టారు:
అక్కడ లిటిల్ అంటే చిన్న, తమ్ముడూ. ఆ "ఎ" గర్ల్‌ది, లిటిల్‌ది కాదు. లిటిల్ తీసేసి "ఎ గర్ల్" అని చూడు, నిలబడుతుంది. "ఎ వాటర్" అని చూడు, నిలబడదు. అయితే "ఎ లిటిల్ కేక్" అన్నప్పుడు చిన్న కేకా, కాస్త కేకు ముక్కా అన్నది సందర్భాన్ని బట్టే తేలాలి.

కేఆర్ పురం వాసు:
సరే సార్, అంకెలు వదిలేశాను. కానీ "ఎ" అంటే ఒకటి కదా, దాని వెనక పీపుల్ అని బహువచనం ఎలా వచ్చింది?

జయనగర్ మాస్టారు:
"ఎ డజన్ ఎగ్స్", "ఎ హండ్రెడ్ రుపీస్" అంటాం కదా, అలాగే. ఎ ఫ్యూ మొత్తం ఒక మూట, లోపల ఎన్ని ఉన్నా బయటికి ఒకటే.

మారతహళ్లి మాధురి:
మరి "ఓన్లీ ఎ ఫ్యూ", "క్వైట్ ఎ ఫ్యూ" సంగతేంటి మాస్టారూ? రెండింటిలోనూ ఎ ఉంది.

జయనగర్ మాస్టారు:
ఓన్లీ మన ఏత్వం పనే చేస్తుంది, "కొద్దిమందే" అయిపోతుంది. క్వైట్ ఎ ఫ్యూ అంటే చాలామందే. అది అలా స్థిరపడిపోయింది, విడగొట్టి అర్థం లాగబోతే రాదు.

కేఆర్ పురం వాసు:
ఇంకొక్క మాట సార్. "ఫ్యూ డేస్ బ్యాక్", "ఐ హావ్ ఫ్యూ డౌట్స్" అని బెంగళూరు ఆఫీసుల్లో రోజూ అంటాం. అందరికీ అర్థమవుతూనే ఉంది. దాన్ని తప్పనడం దేనికి? మన ఇంగ్లిష్ మనది.

జయనగర్ మాస్టారు:
మనలో మనకి ఇబ్బంది లేదు, ఒప్పుకుంటాను. లండన్‌కి వెళ్లే మెయిల్లో మాత్రం "ఫ్యూ డౌట్స్" అంటే "నాకు దాదాపు సందేహమే లేదు" అవుతుంది.

కేఆర్ పురం వాసు:
అయితే లండన్‌వాళ్లే మన ఇంగ్లిష్ నేర్చుకోవాలి. నా ఓటు దానికే.

హెచ్‌ఎస్‌ఆర్ అత్తయ్య:
ఈ ఊళ్లో ఆటోవాడు "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటే అది ఎ లిటిలే కదా? మనకేమో స్వల్పం అంటే లెక్కలోకి రానిది. స్వల్ప గాయాలతో బయటపడ్డారని పేపర్లో రాస్తారు చూడండి.

మారతహళ్లి మాధురి:
భలే పట్టారండి. నాకు ఇంకోటి తోస్తోంది. "కాసిని నీళ్లు పొయ్యి", "నాలుగు మాటలు చెప్పండి" అన్నప్పుడు తక్కువన్న బాధే లేదు. నాలుగు మాటలంటే సరిగ్గా ఎ ఫ్యూ వర్డ్స్. "నాలుగే మాటలు చెప్పాడు" అంటే ఫ్యూ అయిపోతుంది. కాసినికి మాత్రం ఏత్వం తగిలిస్తే నా చెవికి బాగోలేదు. "కాసినే నీళ్లున్నాయి" అని ఎవరైనా అంటారా?

చిత్తూరు కుర్రాడు:
మా పక్క కాసిని అనే మాటే వినలేదు మేడం. రవ్వంత అంటాం. "రవ్వంతే ఉండాయి" అని బాగానే అంటాం.

హెచ్‌ఎస్‌ఆర్ అత్తయ్య:
మా తెనాలిలో "కాసినే ఉన్నాయి" అంటారు. మా అమ్మ రోజూ అనేది, పాలగిన్నె చూసి.

జయనగర్ మాస్టారు:
నేను వినలేదమ్మా. గుంటూరు వైపువాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి.