"పచ్చి"కి వ్యతిరేకం "ఎండు" అని రాస్తే తప్పా?

నరసన్నపేట అమ్మ: మావోడు ఆరో తరగతి. తెలుగు వర్క్‌షీట్‌లో "సంతలో అమ్మ పచ్చి మిరపకాయలు కొంది" అని వాక్యమిచ్చి, గీత కొట్టిన మాటకి వ్యతిరేకపదం అడిగారు. వాడు "ఎండు" అని రాసినాడు. ఎర్ర పెన్నుతో కొట్టీసి "పండు" అని దిద్దీసినారు. మా ఇంట్లో డబ్బా మీద ఎండు మిరపకాయలనే ఉంటాది మరి. వాడు నిన్నటినుంచి అలిగి కూర్చున్నాడు.

డిగ్రీ కుర్రోడు: పండు అనడమే రైటండీ. పచ్చ నుంచే పచ్చి వచ్చింది. పచ్చగా ఉన్నది పచ్చి, రంగు తిరిగితే పండు. సింపుల్.

రిటైరైన తెలుగు మాస్టారు, బొబ్బిలి: పచ్చ, పచ్చి ఒకే మూలానివన్నది నిజమే బాబూ. కానీ పచ్చిపాలు ఏ రంగులో ఉంటాయి? పచ్చి రొయ్యలో? ఆ మాటకొస్తే పచ్చకామెర్లలో కళ్లు ఆకురంగుకి తిరగవు, పసుపెక్కుతాయి. రంగుని పట్టుకుని వెళ్తే దారి తప్పుతాం.

పచ్చి అంటే జరగాల్సిన పని ఇంకా జరగనిది అనుకుని చూడండి. ఆ పని ఏదో వాక్యంలో ఉన్న వస్తువే చెబుతుంది. మామిడికాయ పండాలి, కాబట్టి పచ్చికాయకి ఎదురు పండు. పాలు కాగాలి, కాబట్టి పచ్చిపాలకి ఎదురు కాగినపాలు. పచ్చికుండ ఆవంలో కాలాలి, పచ్చిపుండు మానాలి. మిరపకాయని మనం పండించి ఊరుకోం, ఎండబెట్టి దాచుకుంటాం. సంతలో బేరమాడేది కూడా "పచ్చివా, ఎండువా" అనే. మీవాడు వాక్యం చదివి రాశాడమ్మా. దిద్దినవారు ఆన్సర్ కీ చూసి దిద్దారు. పండుమిరప కూడా ఉందిగా అంటారేమో, ఉంది, పచ్చడికి వాడతాం. కాబట్టి పండుకి మార్కు ఇవ్వొచ్చు, ఎండుని మాత్రం కొట్టకూడదు.

పలాస జీడి వ్యాపారి: పచ్చి జీడిపప్పు కావాలంటే ఇప్పుడు రేటు బాగుంది. అందరూ వేయించినదే అడుగుతారు గానీ నిల్వకి పచ్చిదే మేలు.

నరసన్నపేట అమ్మ: బాబూ, నానడిగింది పప్పు కాదు, మాట 🙂

పలాస జీడి వ్యాపారి: అలాగా, సరిగ్గా చదవలేదు. అయితే ఒక మాట. మేం పచ్చిపప్పు అని అమ్మేది నిజానికి పచ్చిది కాదు. పిక్కని ఉడకబెట్టో కాల్చో పెంకు కొట్టి తీసిందే. ఒకసారి వేడి చూసినదే.

మాస్టారు: మంచి పట్టు పట్టారు. పిక్క ఉడికినా, పప్పు ఇంకా మూకుడెక్కలేదు. కొనేవాడి లెక్కలో జరగాల్సిన పని వేపుడు, అందుకే అది వాడికి పచ్చిదే. అదే పప్పు కొట్టేవాళ్ల దగ్గర "పచ్చి" అంటే ఇంకా ఉడకని పిక్క కావచ్చు.

విజయనగరం టీచరు: నేను ఇలాంటి షీట్లు తయారుచేస్తాను, కాబట్టి కొంత తప్పు మాదే. "పచ్చి × ____" అని వాక్యం లేకుండా ఇచ్చేసి, కీలో ఒక్క జవాబే రాసేస్తాం. పర్యాయపదాల్లోనూ ఇదే గొడవ. పోయినసారి "పచ్చిచేపలు"కి "తాజా" అని ఇచ్చాను. ఒక పిల్ల లేచి, "ఐసులో రెండ్రోజులున్న చేప పచ్చిదే గానీ తాజాది కాదు కదా మేడం" అంది. వాళ్ల నాన్న చేపలమ్ముతాడు. షీట్ మార్చుకున్నాను.

డిగ్రీ కుర్రోడు: మరి పచ్చి అబద్ధం? దానికేం జరగాలి, ఉడకాలా?

మాస్టారు: 😀 అక్కడ పచ్చి "అచ్చమైన" అనే అర్థానికి వెళ్లిపోయింది. శుద్ధ అబద్ధం అన్నా అదే. పర్యాయపదం దొరుకుతుంది, వ్యతిరేకపదం దొరకదు. పచ్చి తాగుబోతు కూడా అంతే. ఇలాంటివి వ్యతిరేకపదాల షీట్‌లో పెట్టకూడదు.

విజయనగరం టీచరు: ఒక్కమాటలో రాయండి అనే భాగంలో "సగం పండిన కాయ" అనిచ్చి "దోర" అని కీలో పెట్టాను. దోర జామకాయ. అది పచ్చికి వ్యతిరేకమా, పండుకా అని పిల్లలు అడిగితే తడబడ్డాను.

మాస్టారు: రెండిటికీ కాదమ్మా, మధ్యలో మజిలీ. పైగా అది కాయతోనే ఆగలేదు, మూకుట్లోకీ వచ్చింది. "జీడిపప్పు దోరగా వేయించు" అంటాం కదా, పచ్చికీ వేగినదానికీ నడుమ అన్నమాట. అందుకని మీ ప్రశ్నలో "కాయ" అన్న మాట ఉంచండి, తీసేస్తే జవాబు జారిపోతుంది.

నరసన్నపేట అమ్మ: మరి సగం ఎండిన చేపనేటంటారు మాస్టారూ? దోరచేప అని ఎవరూ అనరు కదా.

మాస్టారు: అనరు. నాకు తట్టట్లేదు. కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

పలాస జీడి వ్యాపారి: మా మావయ్యది భావనపాడే. ఆదివారం వెళ్తాను, అడిగొస్తాను.